"బోండాం ఇప్పుడు తాగిందా, అప్పుడు తాగిందా?": కథలో కాలం తికమక ఎలా సరిచేయాలి

లంక_సుజాత
మూడు భాగాల పెద్దకథ ఒకటి రాస్తున్నాను. మొదటి భాగం ఒక పత్రికకు పంపితే "విషయం బాగుంది, ఏది ఎప్పుడు జరిగిందో తెలియడం లేదు, సరిచేసి పంపండి" అని తిప్పి పంపారు. మా ఆయనకిచ్చి చదవమంటే ఆయనా అదే పాట. "ఇంతకీ ఆ బోండాం ఇప్పుడు తాగిందా, చిన్నప్పుడు తాగిందా?" అంటారు. నాకు మాత్రం అంతా స్పష్టంగానే ఉంది! రత్నం అనే ఆవిడ చాలా ఏళ్ళకి సొంతూరు వస్తుంది, బస్సు దిగగానే నాన్న గుర్తొస్తాడు. అంతే. తికమకంతా ఈ పేరాలో ఉందట, చూడండి:

> బస్సు అమలాపురం స్టాండులో ఆగింది. రత్నం సంచీ తీసుకుని దిగుతుంది. ఎండ మాడిపోతోంది. ఎదురుగా కొబ్బరి బోండాల బండి ఉంది. బండి చూడగానే రత్నం ఆలోచనలు గతంలోకి జారుకున్నాయి. నాన్న బోండాం కొట్టించి ఇస్తాడు. "తాగు, దార్లో దాహమేస్తుంది" అంటాడు. నాన్నకి అప్పులున్నాయని రత్నానికి తెలుసు. నిన్ననే షావుకారు ఇంటికి వచ్చాడు. తుపానుకి చెట్లన్నీ పోయి ఉన్నాయి. ఆ షావుకారే నాన్న పెళ్ళికి కూడా అప్పిచ్చి ఉన్నాడు. అప్పుడు తాతయ్య అరుగు మీద కూర్చుని ప్రోనోటు రాసి ఉన్నాడు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. రత్నం బోండాం సగం తాగింది. "బోండాం కావాలా అమ్మా?" అన్న మాటతో రత్నం ఈ లోకంలోకి వచ్చింది.

ఎక్కడ ఏం మార్చాలో కాస్త విడమరిచి చెప్పండి. "మొత్తం తిరగరాయి" అని మాత్రం అనకండి, ఓపిక లేదు.

చిత్తుప్రతి
చాలా సింపుల్. కథ భూతకాలంలో మొదలుపెట్టారు కాబట్టి చివరిదాకా భూతకాలంలోనే ఉండాలి. ఆగింది, దిగింది, ఎండ మాడిపోయింది, బండి ఉండింది, నాన్న ఇచ్చాడు, అన్నాడు, రత్నానికి తెలిసింది. క్రియలన్నీ ఒక్కసారి చూసుకుంటూ మార్చేస్తే అయిపోతుంది. నేను నా కథలన్నీ అలాగే సరిచూసుకుంటాను.

కామా_సరోజ
ఈ లోకంలోకి వచ్చిందట! ఏ లోకానికి వెళ్ళింది, టికెట్ ఎంత పెట్టి వెళ్ళింది? 😀 సుజాత గారూ ఏమనుకోకండి, వారపత్రికల్లో ఈ వాక్యం చదివీ చదివీ కళ్ళు కాయలు కాశాయి.

పాతటైపిస్టు
చిత్తుప్రతి గారు చెప్పింది సగం సరి, సగం ప్రమాదం. ఓ వారపత్రికలో చాలాకాలం ప్రూఫులు దిద్దాను, ఆ అలవాటుతో చెబుతున్నా.

"దిగుతుంది" తప్పు. ముందు వాక్యంలో బస్సు "ఆగింది". ఆగిన బస్సులోంచి మనిషి "దిగుతుంది" అంటే పాఠకుడికి ఇంకా దిగలేదనో, రోజూ దిగుతుందనో అనిపిస్తుంది. "దిగింది" అని మార్చాలి, అందులో అనుమానం లేదు.

"మాడిపోతోంది" మాత్రం ముట్టుకోవద్దు. "ఎండ మాడిపోయింది" అంటే అసలు అర్థమే పోయింది. మన భాషలో "-తోంది, -తున్నాడు" అనే రూపం పక్కనున్న క్రియ ఏ కాలంలో ఉంటే ఆ కాలానికి అతుక్కుపోతుంది. "గదిలోకి వెళ్ళాడు. ఆమె బియ్యం ఏరుతోంది." ఇది చదివి ఎవరైనా ఆమె ఇవాళ ఏరుతోందనుకుంటారా? అతను వెళ్ళేసరికి ఏరుతోందని ఇట్టే తెలుస్తుంది. "ఉంది" కూడా అంతే, "బండి ఉంది" అని హాయిగా ఉంచొచ్చు. బండిని "ఉండింది" చేస్తే ఇప్పుడక్కడ లేదన్న ధ్వని వస్తుంది.

కాబట్టి మార్చాల్సింది "-తుంది, -తాడు" రూపాలు. "-తోంది, ఉంది, తెలుసు" లాంటివి వేరే చూపుతో చూడాలి.

చిత్తుప్రతి
టైపిస్టు గారూ, అలా అయితే నియమం అంటూ ఏముంది? ఒకటి మార్చు, ఒకటి మార్చకు అంటే కొత్తగా రాసేవాళ్ళు ఎలా పట్టుకుంటారు?

పాతటైపిస్టు
ఒక చిన్న పరీక్ష ఉంది. వాక్యానికి ముందు "అప్పటికి" అని పెట్టి పైకి చదవండి. "అప్పటికి ఎండ మాడిపోతోంది": నోటికి అడ్డం పడలేదు, ఉంచండి. "అప్పటికి రత్నం దిగుతుంది": పంటికింద రాయి. మార్చండి.

డల్లాస్_మూర్తి
ఇక్కడ నేను ఒక రచనా తరగతికి వెళ్ళాను. వాళ్ళు చెప్పిందేమంటే, ఫ్లాష్‌బ్యాక్ మొదట్లో ఒకటి రెండు వాక్యాలు ఇంకా వెనకటి భూతకాలంలో రాసి, తర్వాత మామూలు భూతకాలానికి వచ్చేయాలి. సుజాత గారు "అప్పిచ్చి ఉన్నాడు, రాసి ఉన్నాడు" అని అదే చేశారుగా. మరి అందులో తప్పేముంది? నాకైతే సరిగ్గానే అనిపించింది.

ఏటిగట్టు
మూర్తిగారూ, మా ఊళ్ళో ఎవరైనా "మా తాత నోటు రాసి ఉన్నాడు" అంటే "ఏం, ఇంకా రాస్తూనే ఉన్నాడా?" అంటారు.

పాతటైపిస్టు
ఏటిగట్టు గారు నవ్వులాటకి అన్నా అసలు సంగతి అక్కడే ఉంది. "ఆరిపోయి ఉంది, పడిపోయి ఉన్నాయి" లాంటివి కళ్ళ ముందు కనిపించే స్థితిని చెప్పే రూపాలు. "తలుపు తెరిచేసరికి దీపం ఆరిపోయి ఉంది." తెరిచిన మనిషి ఆరిన దీపాన్ని చూస్తోంది, వాక్యం బ్రహ్మాండంగా ఉంది. "రాత్రి తుపాను. తెల్లారి చూస్తే చెట్లన్నీ పడిపోయి ఉన్నాయి." ఇదీ సరే.

ఎప్పుడో పెళ్ళినాడు ఇచ్చిన అప్పుని ఎవరు చూస్తున్నారు? అందుకే "అప్పిచ్చి ఉన్నాడు" తేలిపోతుంది. మనం మాట్లాడేటప్పుడు "అప్పటికే ఇచ్చాడు", "అంతకుముందు నాన్న పెళ్ళికి కూడా ఇచ్చాడు" అంటాం. క్రియ మామూలుగానే ఉంటుంది, వెనక్కి తీసుకెళ్ళే పని "అప్పటికే", "అంతకుముందు", "ముందురోజు" చేస్తాయి. మూర్తిగారి తరగతిలో చెప్పిన సలహా, అంటే మొదటి వాక్యంలోనే గట్టిగా గుర్తు పెట్టి తర్వాత మామూలుగా రాసుకుపోవడం, మనకీ పనికొస్తుంది. మనకు ఆ గుర్తు క్రియలో కన్నా ఇలాంటి మాటల్లో ఉంటుంది.

డల్లాస్_మూర్తి
కానీ "ఇచ్చి ఉన్నాడు" పుస్తకాల్లో కనిపిస్తుంది కదండీ. పూర్తిగా తప్పనలేం.

పాతటైపిస్టు
కనిపిస్తుంది. అనువాదాల్లో ఎక్కువ. తప్పని నేననలేదు, పేరాలో మూడుసార్లు వస్తే మాత్రం దిద్దేవాణ్ణి.

సింగరేణి_శీను
నాకొకటి నచ్చలే. అందరూ "నాన్న ఇస్తాడు, అంటాడు" తప్పంటున్నరు. మా అమ్మ ఏదన్న పాత ముచ్చట చెప్పిందనుకో, "మీ తాత అచ్చిండు" అని మొదలుపెట్టి, ఆ ఎనక "తలుపు కొడ్తడు, నేను తియ్య, మల్ల కొడ్తడు" అని చెప్తది. ఇనేటోళ్ళకు ఒక్క ముక్క తికమక కాదు. పైగా కండ్ల ముందట జరిగినట్టే ఉంటది. సుజాత మేడం రాసిన దాంట్ల పానమున్న ముక్క అదొక్కటే, "నాన్న బోండాం కొట్టించి ఇస్తాడు". దాన్ని తీసేస్తే ఏం మిగుల్తది?

చిత్తుప్రతి
అది మాట్లాడే తీరు. రాత వేరు.

సింగరేణి_శీను
రాత మాటలకెల్లి రాలేదా అన్నా? ఆకాశం నుంచి పడ్డదా?

మంజీర
శీను చెప్పిన దాంట్లో వాళ్ళమ్మగారు ఎలా మొదలుపెట్టారో చూడండి. "అచ్చిండు" అని. ముందు అది గతం అని ఖాయం చేశాక "కొడ్తడు"లోకి వెళ్ళారు. పైగా చెప్పే మనిషి ఎదురుగా ఉంది, గొంతు మారుతుంది, చెయ్యి ఊపుతుంది. సుజాత గారి పేరాలో ఖాయం చేసే మాట లేదు. "ఆలోచనలు గతంలోకి జారుకున్నాయి" అన్నారు గానీ ఏ గతమో చెప్పలేదు. ఆ వెంటనే "నాన్న ఇస్తాడు" అనేసరికి, నాన్న బతికే ఉన్నాడు, ఇప్పటికీ ఊరెళ్ళినప్పుడల్లా బోండాం కొట్టించి ఇస్తాడు అనుకుని చదివాను నేను. "ఇప్పుడు ఆ ఇల్లు లేదు" దగ్గర తెల్లబోయాను. అది కూడా షావుకారు ఇల్లో వీళ్ళ ఇల్లో తెలియలేదు.

లంక_సుజాత
మంజీర గారూ, నాన్న పోయి చాలా ఏళ్ళయింది! అది రెండో భాగంలో వస్తుంది. అందుకే ఇక్కడ చెప్పలేదు.

మంజీర
పోయాడని చెప్పనక్కర్లేదు. అది అప్పటి మాట అని తెలిస్తే చాలు. చావు మీరు దాచుకోవచ్చు, కాలం దాచకూడదు.

రెండోపేజీ
నా గొడవ కూడా చెప్పుకోనివ్వండి. నా కథలో అమ్మమ్మ ఫ్లాష్‌బ్యాక్ మొత్తం తన నోటితోనే చెబుతుంది, మూడు పేజీలు, అంతా కొటేషన్ మార్కుల మధ్య. మధ్యలో అమ్మమ్మ మాటల్లోనే ఇంకొకాయన మాటలు. పత్రికలో వచ్చేసరికి కొటేషన్లు సగం ఎగిరిపోయి అమ్మమ్మ, కలెక్టరు, నేను ముగ్గురం ఒకే గొంతుతో మాట్లాడుతున్నాం. దీనికేమైనా మందుందా?

కామా_సరోజ
అమ్మమ్మని మధ్యమధ్యలో ఓ లోటా మజ్జిగ తాగనివ్వండి. నిజంగానే చెబుతున్నా. ఆవిడ గ్లాసు కింద పెడితే మనం ఇప్పటి అరుగు మీద ఉన్నామని తెలుస్తుంది. మూడు పేజీలు ఊపిరి తీయకుండా ఎవరు మాట్లాడతారు?

పాతటైపిస్టు
సరోజ గారి మందు పనిచేస్తుంది. రెండోపేజీ గారూ, మీది వేరే దారం పెట్టండి, ఇక్కడ కలిపితే సుజాత గారి బోండాం ఎండిపోతుంది.

సుజాత గారూ, ముందు ఈ పని చేయండి. పేరాలో ఉన్న సంగతుల్ని మీరు రాసిన వరుసలో కాకుండా జరిగిన వరుసలో ఓ కాగితం మీద రాయండి. నాకు అర్థమైనంతలో ఇలా ఉంది. అన్నిటికన్నా ముందు పెళ్ళినాటి అప్పు, దాన్ని 1 అందాం. తర్వాత తుపాను, అది 2. షావుకారు ఇంటికి రావడం 3. మర్నాడు స్టాండులో నాన్న బోండాం కొట్టించడం 4. రత్నం ఇవాళ బస్సు దిగడం 5.

ఇప్పుడు మీ పేరాలో ప్రతి వాక్యం పక్కన ఆ అంకె వేయండి. 5, 5, 5, 5, 5, తర్వాత 4, 4, ఆ తర్వాత "తెలుసు" 4 అనుకుందాం, 3, 2, 1, 1, మళ్ళీ హఠాత్తుగా 5 (ఇల్లు లేదు), మళ్ళీ 4 (తాగింది), చివరికి 5. పాఠకుణ్ణి ఒక్కో వాక్యానికి ఒక్కో మెట్టు చొప్పున అడుగుదాకా దించి, ఒక్క గెంతులో పైకి లాగి, మళ్ళీ ఓ మెట్టు కిందికి తోశారు. క్రియలన్నీ సరిగ్గా ఉన్నా ఇక్కడ తప్పిపోతారు. మీవారు "ఇప్పుడు తాగిందా, అప్పుడు తాగిందా" అన్నది అందుకే. "ఇప్పుడు ఆ ఇల్లు లేదు" అన్న వెంటనే "తాగింది" అన్నారు మరి. "ఇప్పుడు" అన్నాక వచ్చే క్రియ ఇప్పటిదేగా.

ఒక ఫ్లాష్‌బ్యాక్‌లో ఒక్క మెట్టు దిగితే చాలు. ఇక్కడ 4 ఒక్కటే సన్నివేశం. 3, 2, 1 అన్నీ ఆ సన్నివేశం లోపల మాటగానో, ఒక చిన్న గుర్తుగానో రావాలి. వాటికోసం కొత్తగా వెనక్కి వెళ్ళకూడదు.

చిత్తుప్రతి
అంకెలు వేయడం బాగుంది. ఇది నేను కూడా చేస్తాను. కానీ 1 తీసేస్తే కథకి నష్టం కదా? పెళ్ళినాటి నుంచీ అప్పు ఉందన్నదే బాధ.

మంజీర
తీయక్కర్లేదు. షావుకారు నోట్లో పెట్టండి. "మీ పెళ్ళినాటి నోటు కూడా నా దగ్గరే ఉంది" అని ఆయనే అంటే 1 కాస్తా 3లో కలిసిపోతుంది. తాతయ్య, ఆ అరుగు వేరేచోట వాడుకోవచ్చు.

లంక_సుజాత
మీరంతా చెప్పినదాన్ని బట్టి తిరగరాశాను (ఓపిక లేదన్నాను గానీ). చూడండి:

> బస్సు అమలాపురం స్టాండులో ఆగింది. రత్నం సంచీ తీసుకుని దిగింది. ఎండ మాడిపోతోంది. ఎదురుగా కొబ్బరి బోండాల బండి ఉంది. రత్నం చిన్నప్పుడు నాన్న బోండాం కొట్టించి ఇచ్చేవాడు. "తాగు, దార్లో దాహమేస్తుంది" అనేవాడు. ముందురోజు షావుకారు ఇంటికి వచ్చేవాడు. "మీ పెళ్ళినాటి నోటు కూడా నా దగ్గరే ఉంది" అనేవాడు. రత్నం సగం తాగి నాన్నకి ఇచ్చేసేది.

కామా_సరోజ
బోండాం తాగిన ప్రతిసారీ ముందురోజు షావుకారు వచ్చేవాడా! పాపం ఆ నాన్న.

ఏటిగట్టు
షావుకారుకి కూడా టైంటేబుల్ ఉన్నట్టుంది.

పాతటైపిస్టు
నవ్వకండి, చాలామంది చేసే పనే ఇది. "ఇచ్చేవాడు, అనేవాడు" అన్న రూపం గతంలోకి తీసుకెళ్ళడానికి మంచి ద్వారం. నాన్న ఇప్పుడు అలా చేయడం లేదని కూడా అదే చెప్పేస్తుంది. కానీ అది అలవాటును చెప్పే రూపం. ఒక్కరోజు జరిగినదాన్ని అందులో చెబితే రోజూ జరిగినట్టు అవుతుంది. ద్వారం దాటాక అక్కడే నిలబడిపోకూడదు. ఒకటి రెండు వాక్యాలు "-ఏవాడు"లో రాసి, "ఆరోజు", "ఒకసారి", "హాస్టలుకి పంపిన రోజు" లాంటి మాటతో "ఇచ్చాడు, అన్నాడు"లోకి దిగిపోవాలి.

మీ కథలో అది అలవాటా, ఒక్కరోజా? అది మీరే తేల్చుకోవాలి.

లంక_సుజాత
ఒక్కరోజే. తుపాను తర్వాత రత్నాన్ని తొమ్మిదో తరగతిలో కాకినాడ హాస్టల్లో వేయడానికి పంపిన రోజు. అయితే "-ఏవాడు" అసలు అక్కర్లేదన్నమాట.

ఏటిగట్టు
ఏ తుపాను? మాది ఆ పక్కే కాబట్టి అడుగుతున్నా. 1996ది అయితే మిగతా భాగంలో ఏముందో చెప్పండి. తేదీలు తప్పితే మావాళ్ళు ఊరుకోరు.

లంక_సుజాత
అదే, 96. తర్వాతి పేరాలో "దీపావళి వెళ్ళిన వారానికి తుపాను వచ్చింది" అని ఉంది. ఆ కింద, నాన్న మళ్ళీ మొక్కలు వేసి, రెండేళ్ళకి ఆ చెట్ల దింపు మీద వచ్చిన డబ్బుతో షావుకారు అప్పు తీర్చినట్టు రాశాను.

ఏటిగట్టు
రెండూ కుదరవు. ఆ తుపాను నవంబరు 6 రాత్రి తీరం దాటింది. ఆ ఏడు దీపావళి నవంబరు 10. అంటే పండగ ముందు వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు మతాబుల మాటే లేదు. "దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా" అని మార్చండి, కథకి కూడా బాగుంటుంది.

రెండోది, కొబ్బరి మొక్క రెండేళ్ళకి కాయదు. మా దేశవాళీ రకమైతే కాపు పట్టడానికి ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా పైనే పడుతుంది. దింపు మీద అప్పు తీర్చేంత కాయ రావాలంటే ఇంకా ఆలస్యం. ఆ తుపాను తర్వాత మా వాళ్ళు ఇన్నేళ్ళు ఏం తిని బతకాలన్నదే అసలు గొడవ. రెండేళ్ళలో అప్పు తీరిపోతే మీ కథలో బాధ కూడా తీరిపోయినట్టే.

ఇంకోటి, కాకినాడ బస్సు ఎక్కించారు సరే, యానాం దగ్గర గోదారి మీద అప్పటికి వంతెన లేదు. ఎదుర్లంకలో దిగి పంటు ఎక్కి దాటేవాళ్ళం. రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి పంపారా, పంటు మీదా? ఎలా పంపినా పర్లేదు, "బస్సు వంతెన దాటి యానాంలోకి వచ్చింది" అని మాత్రం రాయకండి.

లంక_సుజాత
బాబోయ్. వంతెన మీద సూర్యాస్తమయం కూడా రాశాను 🙈 పంటు మీదికి మారుస్తాను.

డల్లాస్_మూర్తి
ఏటిగట్టు గారూ, మంచి పాయింట్. ఇది టెన్స్ కన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఎడిటర్‌కి కూడా తెలియకపోవచ్చు. సుజాత గారూ, రత్నం వయసు కూడా ఒకసారి కూడి చూడండి. కథ "ఇప్పుడు" ఏ సంవత్సరం?

లంక_సుజాత
2019. "పాతికేళ్ళ తర్వాత ఊరికి వచ్చింది" అని రాశాను.

డల్లాస్_మూర్తి
96 చివర నుంచి 2019కి ఇరవై రెండూ ఇరవై మూడూ మధ్య. "ఇరవై ఏళ్ళు దాటాక" అంటే సరిపోతుంది. తొమ్మిదో తరగతి అంటే అప్పటికి పద్నాలుగు, ఇప్పుడు ముప్ఫై ఏడు దగ్గర. ఎక్కడైనా "నలభై దాటిన రత్నం" అని ఉంటే తీసేయండి.

మంజీర
"నిన్ననే షావుకారు వచ్చాడు" మీద ఎవరూ మాట్లాడలేదు. సుజాత గారు రెండోసారి "ముందురోజు" అని మార్చారు, మంచిదే. నిన్న, రేపు, ఇప్పుడు, ఇక్కడ లాంటి మాటలు పాఠకుడు ఎక్కడ నిలబడ్డాడో అక్కణ్ణుంచి లెక్కవుతాయి. బస్సు దిగిన రత్నం పక్కన నిలబడి "నిన్న" అని చదివితే 2019లో నిన్న అనుకుంటాను. అయితే ఎప్పుడూ "ముందురోజు, మర్నాడు" అనే రాయాలనడం కూడా అతి. మనిషి తలలోకి పూర్తిగా వెళ్ళిపోయాక "రేపు బడి ఉంది, ఏం తొడుక్కోవాలి" అని రాస్తే ముచ్చటగానే ఉంటుంది.

చిత్తుప్రతి
అక్కడ నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్ళ పిల్ల తలలోకి వెళ్ళామని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? "మర్నాడు" అంటే ఏ గొడవా ఉండదు.

మంజీర
గొడవ ఉండదు, పిల్ల కూడా ఉండదు.

సింగరేణి_శీను
👏

రెండోపేజీ
ఫ్లాష్‌బ్యాక్ ముందు మూడు చుక్కలు పెట్టి, అయ్యాక మళ్ళీ మూడు చుక్కలు పెడితే ఈ తలనొప్పులేవీ ఉండవు కదా? లేకపోతే వాలు అక్షరాలు?

పాతటైపిస్టు
పేజీ కుదించేటప్పుడు మొదట పోయేవి చుక్కలే. నేనే ఎన్నో తీశాను, స్థలం చాలక. వాలు అక్షరాలు తెలుగులో ఫోన్ మీద చదవడం కష్టం, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాయి. చుక్కలు తీసేసి ఒకసారి చదవండి. అప్పుడు కూడా కాలం తెలిస్తే చుక్కలు పెట్టుకోండి, అందంగా ఉంటాయి. తెలియకపోతే చుక్కలు కాపాడవు.

సుజాత గారూ, మీ మాటలే వాడి ఇలా కూర్చాను. నచ్చకపోతే పారేయండి:

> బస్సు అమలాపురం స్టాండులో ఆగింది. రత్నం సంచీ తీసుకుని దిగింది. ఎండ మాడిపోతోంది. ఎదురుగా కొబ్బరి బోండాల బండి ఉంది.
>
> తొమ్మిదో తరగతిలో కాకినాడ హాస్టలుకి పంపిన రోజు ఈ స్టాండులోనే నాన్న బోండాం కొట్టించి ఇచ్చాడు. "తాగు, దార్లో దాహమేస్తుంది" అన్నాడు. తుపాను వెళ్ళి నెల కాలేదు. ముందురోజు సాయంత్రమే షావుకారు వచ్చి, "మీ పెళ్ళినాటి నోటు కూడా నా దగ్గరే ఉంది" అని గుర్తుచేసి వెళ్ళాడు. నాన్న జేబులో ఎంత ఉందో రత్నానికి తెలుసు. సగం తాగి, దాహం లేదని నాన్నకి ఇచ్చేసింది.
>
> "బోండాం కొట్టమంటారా అమ్మా?" బండివాడు కత్తి తీశాడు.
>
> రత్నం తల అడ్డంగా ఊపి ఆటోల వైపు నడిచింది.

"గతంలోకి జారుకుంది" లేదు, "ఈ లోకంలోకి వచ్చింది" లేదు. వెళ్ళేటప్పుడు "పంపిన రోజు" తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు బండివాడు పిలిచాడు. మొదటి పేరాలోనే బండిని చూపించాం కాబట్టి అతను మాట్లాడగానే ఎక్కడికొచ్చామో వేరే చెప్పక్కర్లేదు. "తెలుసు" అన్న మాట కాలం లేనిది, ఎటైనా వాలుతుంది. ఇక్కడ ముందూ వెనకా ఆరోజు సంగతులే ఉండటంతో అటే నిలబడింది. "ఇప్పుడు ఆ ఇల్లు లేదు" తీసేశాను. రత్నం ఊళ్ళోకి వెళ్ళి ఖాళీ స్థలం చూసినప్పుడు రాయండి, అక్కడ దానికి చోటు.

లంక_సుజాత
చాలా బాగుంది టైపిస్టు గారూ. సగం తాగి ఇచ్చేయడం ఇప్పుడు నాకే కొత్తగా కనిపిస్తోంది. ముందు అది ఏదో వాక్యం లాగా పడి ఉంది.

సింగరేణి_శీను
బాగనే ఉంది గానీ చల్లగైంది. "ఈ స్టాండులనే" అని ఆరోజుని ఖాయం చేసినంక "నాన్న బోండాం ఇస్తడు, తాగమంటడు" అంటే ఎవ్వలు తప్పిపోతరు? మంజీర మేడం చెప్పిన లెక్కనే కదా. మొదట గట్టిగ చెప్పి ఆ ఎనక వర్తమానంలకు పోవుడు.

పాతటైపిస్టు
ఒక పేజీ ఫ్లాష్‌బ్యాక్ అయితే శీను చెప్పినట్టు చేయొచ్చు, నేను అడ్డుచెప్పను. ఇక్కడ ఆరేడు వాక్యాలే. అంత చిన్నచోట "ఇచ్చాడు" నుంచి "ఇస్తాడు"కి, మళ్ళీ "తీశాడు"కి మారితే కుదుపులే మిగులుతాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "ఇస్తాడు"లో రాస్తే "ముందురోజు షావుకారు వచ్చి వెళ్ళాడు" హాయిగా ఇముడుతుంది, కానీ "సగం తాగి ఇచ్చేస్తుంది" అన్నాక బండివాడు "కొట్టమంటారా" అంటే మళ్ళీ మీ ఆయన ప్రశ్న మొదటికొస్తుంది.

సింగరేణి_శీను
ఇచ్చేస్తది, పేరా మారుస్తది, ఐపాయె. నేనైతే గట్లనే రాస్త.

కామా_సరోజ
శీనూ నువ్వు రాసి ఇక్కడ పెట్టు, రెండూ పక్కపక్కన చదివి చెబుతాం. సుజాత గారి వాళ్ళాయనకి కూడా చూపిద్దాం, ఆయనే జడ్జి.

చిత్తుప్రతి
నాకు ఇంకో అనుమానం. "నేను" అని రాసే కథల్లో ఎలా? "అప్పుడు నాకు పదేళ్ళు. నాన్నంటే భయం." ఈ "భయం"లో క్రియే లేదు. అప్పుడా, ఇప్పుడా?

మంజీర
అక్కడ ఇబ్బంది రెట్టింపు, ఎందుకంటే "నేను"లు ఇద్దరు. చెప్పే నేను, పదేళ్ళ నేను. "నాన్నంటే అప్పుడు భయం" అంటే ఇప్పుడు పోయిందని అర్థం వస్తుంది, "నాన్నంటే భయం" అంటే ఇంకా ఉందేమో అనిపిస్తుంది. ఒక్కోసారి ఆ అనుమానమే కావాలి. కావాలని వదిలారా, పొరపాటున వదిలారా అన్నది చుట్టూ ఉన్న వాక్యాలు చూస్తే తెలిసిపోతుంది.

లంక_సుజాత
రేపు రాత్రికి రెండో భాగం మొదటి పేజీ పెడతాను, అందులో నాన్న పోవడం ఉంది. దాంట్లో ఫ్లాష్‌బ్యాక్ మొత్తం ఆసుపత్రి వరండాలో, రెండు పేజీలు. శీను గారూ, మీ పద్ధతి అక్కడ ప్రయత్నిస్తాను. ఏటిగట్టు గారూ, పంటు ఎక్కేచోట టికెట్ ఎవరిస్తారో, బస్సు కూడా పంటు మీదికి ఎక్కుతుందో లేదో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఏటిగట్టు
మా నాన్ననడిగి చెబుతా. నేను అప్పుడు చిన్నవాణ్ణి, పంటు అంచున నిలబడి నీళ్ళలోకి చూడ్డమే గుర్తు. ఆయనకి ఫోన్ చేస్తే గంటకి తక్కువ వదలడు, కాబట్టి ఆదివారం దాకా ఆగండి.